మీల్ మేకర్‌లో మాంసకృత్తులు: పొడి బరువు, ఉడికిన బరువు – ఆహార నమోదులో పాటించవలసిన పద్ధతి

అనకాపల్లి జిల్లా దేవరాపల్లి మండలంలో రైవాడ జలాశయం కింద వరి, చెరకు పండించే ఒక గ్రామంలో మా విద్యార్థులు గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమంలో భాగంగా కొన్ని వారాలు నివసించారు. పంటల సర్వేతోపాటు కొన్ని ఇళ్లలో ఒక రోజు ఆహారాన్ని నమోదు చేసి, అందులోని మాంసకృత్తులను లెక్కకట్టడం వారికి అప్పగించిన పనులలో ఒకటి. ఆ పుస్తకాలను దిద్దుతున్నప్పుడు ఒక విద్యార్థిని రాసిన పేజీ వద్ద నేను ఆగవలసి వచ్చింది. చేతిరాత చక్కగా ఉంది, కూడికలు సరిగా ఉన్నాయి. అయినా ఆ ఇంటి ఇల్లాలికి ఆ రోజు చాలినన్ని మాంసకృత్తులు అందాయని తేల్చిన ముగింపు మాత్రం తప్పు. ఆ తప్పు ఒకే ఒక వరుసలో ఉంది. అది మీల్ మేకర్ కూరకు సంబంధించిన వరుస.

ఆ వరుసలో ఆమె ఇలా రాసింది: మీల్ మేకర్ 36 గ్రాములు, మాంసకృత్తులు 18.7 గ్రాములు. పళ్లెంలోని ముక్కలను వేరుచేసి త్రాసుపై తూచగా 36 గ్రాములు వచ్చాయి. పొట్లంపై 100 గ్రాములకు 52 గ్రాముల మాంసకృత్తులని ముద్రించి ఉంది. రెండింటినీ గుణించింది. తూనిక సరైనదే, ముద్రించిన అంకె కూడా సరైనదే. కాని మొదటిది నీరు పీల్చి ఉడికిన ముక్కల బరువు, రెండవది పొట్లంలో ఉన్న పొడి సరుకుకు చెందిన విలువ. ఈ రెండింటినీ కలిపి లెక్కకట్టడమే దోషం. ఇది ఆ ఒక్క విద్యార్థిని చేసిన పొరపాటు కాదు. చరవాణిలో ఆహారం నమోదు చేసుకునే యువకులూ, ఆహార పట్టికలు తయారుచేసే అనుభవజ్ఞులూ తరచుగా ఇక్కడే తడబడుతున్నారు. అందువల్ల ఈ ఒక్క వరుసను విడదీసి చూడటం ఉపయోగకరమని భావించాను.

నీరు చేరితే మాంసకృత్తులు ఎక్కడికి పోతాయి?

సోయా చిక్కుడు మన ఉత్తరాంధ్ర పంట కాదు. తెలుగు ప్రాంతాలలో దీని సాగు ప్రధానంగా ఆదిలాబాద్ వైపు ఉంది. దేశంలో అధిక భాగం మధ్యప్రదేశ్, మహారాష్ట్రలలో పండుతుంది. మన వద్దకు ఇది ఎక్కువగా మీల్ మేకర్ రూపంలోనే చేరుతుంది. గింజల పొట్టు తీసి, నూనెను వేరుచేయగా మిగిలిన పిండిలో దాదాపు సగం మాంసకృత్తులే ఉంటాయి. ఆ పిండిని తేమతో కలిపి యంత్రంలో అధిక వేడి, ఒత్తిడికి గురిచేసి సన్నని రంధ్రం గుండా బయటకు నెడతారు. బయటకు రాగానే ఒత్తిడి ఒక్కసారిగా తగ్గి, లోపలి నీరు ఆవిరై, ముక్క స్పంజిలా ఉబ్బుతుంది. తరువాత తేమ పది శాతం లోపునకు వచ్చేవరకు ఆరబెడతారు. నిలవకు అనుకూలమైన ఈ పొడి ముక్కకే 100 గ్రాములకు సుమారు 52 గ్రాముల విలువ వర్తిస్తుంది.

వంటింట్లో దీనికి వ్యతిరేక దిశలో మార్పు జరుగుతుంది. వేడినీటిలో వేసిన ముక్క తన గుల్ల నిర్మాణంలోకి నీటిని పీల్చుకుంటుంది. ఉడికించి, చేతితో పిండిన తరువాత కూడా దాని బరువు పొడి బరువుకు రెండున్నర నుంచి మూడు రెట్ల వరకు ఉండటం సాధారణం. ఇక్కడ పెరిగినది నీరు మాత్రమే. మాంసకృత్తులు పెరగలేదు, తరగలేదు, ఎక్కువ బరువులో పరచుకున్నాయి.

ఈ సూత్రం వ్యవసాయ విద్యార్థికి కొత్తది కాకూడదు. కోతనాడు 22 శాతం తేమతో ఉన్న ధాన్యం దిగుబడిని మనం అలాగే పట్టికలోకి ఎక్కించం. 14 శాతం తేమకు సరిచేసి, 100 కిలోలను సుమారు 90.7 కిలోలుగా రాస్తాం. ఎనిమిది శాతం తేమ తేడాకే అంత జాగ్రత్త తీసుకునే మనం, పది శాతం లోపు తేమ నుంచి అరవై ఐదు శాతానికి పైగా తేమకు మారిన పదార్థాన్ని సరిచేయకుండా లెక్కలోకి తీసుకోవడం విచిత్రమే.

ఉడికించడంవల్ల మాంసకృత్తులు నశిస్తాయనే అభిప్రాయం కూడా క్షేత్రంలో తరచుగా వినిపిస్తుంది. పొడి సరుకుకు 52, ఉడికినదానికి 18 లేదా 19 అని రెండు అంకెలు పక్కపక్కన చూసినవారు మిగిలినది మంటకు పోయిందని అనుకుంటారు. అది సరికాదు. వేడికి మాంసకృత్తుల ఆకృతి మారుతుంది గాని వాటి పరిమాణం తగ్గదు. నిజానికి ఆ ఆకృతి మార్పులో అధిక భాగం తయారీ యంత్రంలోనే జరిగిపోయింది. అక్కడ అవి ఒకదానితో ఒకటి పెనవేసుకొని నీటిలో సులభంగా కరగని స్థితికి వస్తాయి. అందువల్లనే ముక్క ఎంత ఉడికినా పప్పులా కలిసిపోక నమలడానికి వీలుగా నిలిచి ఉంటుంది.

నానబెట్టి పారబోసే నీటిలో కొంత నష్టం ఉన్న మాట నిజం. ఆ నీటిలోకి ముఖ్యంగా కరిగే చక్కెరలు, లవణాలు, వాటితోపాటు కొద్దిపాటి కరిగే నత్రజని పదార్థాలు చేరుతాయి. ప్రయోగశాల అందుబాటులో ఉంటే ఈ నష్టాన్ని స్వయంగా చూడవచ్చు. తేమ తెలిసిన పొడి ముక్కలను ఉప్పు వేయని నీటిలో నానబెట్టి, ఉడికించి, పిండి, 105 డిగ్రీల సెల్సియస్ వద్ద బరువు స్థిరపడేవరకు ఆరబెట్టాలి. మొదటి ఘనపదార్థానికీ చివరి ఘనపదార్థానికీ ఉన్న తేడాయే నీటిలోకి పోయిన భాగం. నీటిలో ఉప్పు వేస్తే ఆ ఉప్పు ముక్కలలోకి చేరి తేడాను కప్పివేస్తుంది. పోయిన ఘనపదార్థంలో మాంసకృత్తుల వాటా తెలియాలంటే ఆ నీటిలోని నత్రజనిని జెల్‌డాల్ పద్ధతిలో కొలవాలి. గృహస్థాయి నమోదులో ఈ నష్టం మూడు రెట్ల తప్పు ముందు చిన్నదే. కాబట్టి పొడి బరువుపై కట్టిన విలువను అలాగే వాడవచ్చు.

ఉడికిన ముక్కకు ఒకే అంకె ఎందుకు చాలదు?

అలాంటప్పుడు ఉడికిన మీల్ మేకర్‌కు ఒక అంకె కంఠస్థం చేసి వాడితే సరిపోదా అని విద్యార్థులు అడుగుతారు. సరిపోదు. కారణం పిండే చేయి.

120 గ్రాముల పొడి ముక్కలలో 62.4 గ్రాముల మాంసకృత్తులు ఉన్నాయనుకుందాం. నీరు వంపి, పిండకుండా తూచినప్పుడు వాటి బరువు 400 గ్రాములైతే, 100 గ్రాములకు 15.6 గ్రాములు వస్తాయి. మామూలుగా పిండగా 324 గ్రాములైతే 19.3 వస్తాయి. గట్టిగా పిండి 270 గ్రాములకు తెచ్చినవారికి 23.1 వస్తాయి. ముగ్గురి గిన్నెలోనూ ఉన్నవి అవే 62.4 గ్రాములు. ఒకే ఇంట్లో అత్తగారు పిండిన రోజుకూ, కోడలు పిండిన రోజుకూ తేడా రావచ్చు. ఆపైన ముక్కలు కూరలో మరిగేటప్పుడు పులుసును మళ్లీ పీల్చుకుంటాయి. పొడి బరువొక్కటే ఈ మార్పులన్నిటికీ ముందే నిలిచిన స్థిరమైన కొలత. అందుచేత పొడి బరువునే మూలంగా స్వీకరించాలి. ఉడికిన బరువు తప్పనిసరి అయితే, ఆ రోజు, ఆ గిన్నెకు వచ్చిన రెట్టింపును కట్టి, దానితో భాగించి పొడి బరువుకు తిరిగి రావాలి.

దేవరాపల్లి ఇంటి లెక్క

ఇప్పుడు మొదటి పుస్తకానికి తిరిగి వద్దాం. లెక్కను సరిచేయడానికి ఆ విద్యార్థినిని మరునాడు మళ్లీ ఆ ఇంటికి పంపాను. ఈసారి ఆమె త్రాసు తీయకముందే ప్రశ్న అడిగింది.

“పిన్నీ, నిన్న మీల్ మేకర్ ఎంత పోశారు?”

“కొలత ఏముంది తల్లీ, ఈ గ్లాసుతో రెండు గ్లాసులు పోశాను. నలుగురం తిన్నాం.”

ఈ జవాబులోనే లెక్కకు కావలసినదంతా ఉంది. అదే గ్లాసుతో, అదే పొట్లం నుంచి, ఇల్లాలి చేతితోనే రెండు గ్లాసుల పొడి ముక్కలను పోయించి తూచగా 120 గ్రాములు వచ్చాయి. గ్లాసు విలువను పుస్తకం నుంచి తీసుకోకుండా ఇలా అక్కడికక్కడే తూచడం అవసరం. పెద్ద ముక్కల మధ్య గాలి ఎక్కువ, చిన్న ముక్కల మధ్య తక్కువ. రవ్వ రూపంలో ఉన్నదైతే అదే గ్లాసులో ఇంకా ఎక్కువ బరువు పడుతుంది.

120 గ్రాములకు 62.4 గ్రాముల మాంసకృత్తులు. ఇది గిన్నె మొత్తానికి సంబంధించినది. ఇందులో ఇల్లాలి వాటా ఎంత అన్నది తరువాతి ప్రశ్న. ఇంట్లో నలుగురు ఉన్నారు కనుక నాలుగో వంతు, అంటే 15.6 గ్రాములు అని రాయడం సులభం. కాని నలుగురూ సమానంగా తిన్నారన్నది మన ఊహ మాత్రమే. బంగాళాదుంప, ఉల్లి, టమాటా కలిపి వండిన కూర మొత్తం 900 గ్రాములు. ఆమె వడ్డించుకున్నది 150 గ్రాములు. ఈ లెక్కన ఆమె వాటా ఆరో వంతు. పొడి ముక్కలు 20 గ్రాములు, మాంసకృత్తులు 10.4 గ్రాములు.

ఇది మొదటిదానికంటే మెరుగు. అయితే కూర అంతటా ముక్కలు సమంగా కలిసి ఉన్నాయన్న ఊహ ఇందులో దాగి ఉంది. మన ఇళ్లలో ఇల్లాలు చివర తింటుంది. భర్తకూ పిల్లలకూ గరిటెతో ముక్కలు ఏరి వేస్తుంది. ఆమె వంతుకు గిన్నె అడుగున బంగాళాదుంప, పులుసు ఎక్కువగా, ముక్కలు తక్కువగా మిగులుతాయి. దీనిని పట్టుకోవడానికి ముక్కలను లెక్కపెట్టడమే సరళమైన మార్గం. 120 గ్రాములలో 150 పొడి ముక్కలు ఉన్నాయి. మొదటి రోజు పుస్తకంలో ఆమె పళ్లెంలోని ముక్కల సంఖ్య 15 అని విద్యార్థిని అంచున రాసి ఉంచింది. పదో వంతు. అంటే పొడి బరువు 12 గ్రాములు, మాంసకృత్తులు 6.2 గ్రాములు.

ముక్క ఉడికి ఉబ్బవచ్చు, పులుసు పీల్చవచ్చు. దాని సంఖ్య మాత్రం మారదు. అందువల్ల ముక్కల లెక్క తూనికకంటే నమ్మదగినది. ముక్కలు చిదిమి వండినప్పుడు, లేదా రవ్వ వాడినప్పుడు ఈ పద్ధతి పనికిరాదు. అక్కడ కూర మొత్తం బరువులో వాటా కట్టడమే గతి. రవ్వ కూరలో సమంగానే కలుస్తుంది గనుక అక్కడ ఆ పద్ధతిలో దోషం కూడా తక్కువ.

ఆ రోజు ఆమె తిన్న మిగతా ఆహారం, అంటే అన్నం, పప్పు, టీలోని పాలు కలిపి 26 గ్రాముల మాంసకృత్తులు ఇచ్చాయి. మొదటి లెక్క ప్రకారం 26కు 18.7 కలిపి 44.7 గ్రాములు. సరిచేసిన లెక్క ప్రకారం 32.2 గ్రాములు. ఈ తేడాకు అర్థం ఏమిటో చూడాలంటే అవసరంతో పోల్చాలి. భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో వెలువరించిన సిఫారసుల ప్రకారం, నాణ్యమైన మాంసకృత్తులు తీసుకునే వయోజనులకు సగటు అవసరం శరీర బరువులో కిలోకు రోజుకు 0.66 గ్రాములు. 55 కిలోల స్త్రీకి ఇది సుమారు 36 గ్రాములు. సలహా ఇవ్వడానికి వాడే సిఫారసు పరిమాణం కిలోకు 0.83 గ్రాములు, అంటే సుమారు 46 గ్రాములు. మొదటి లెక్కలో ఆమె సగటు అవసరాన్ని సులభంగా దాటి, సిఫారసు దరిదాపులకు చేరింది. సరిచేసిన లెక్కలో సగటు అవసరాన్నే అందుకోలేదు.

ఒక్క రోజు ఆహారాన్నిబట్టి ఒక వ్యక్తికి లోపం ఉన్నదని నిర్ధారించరాదు. కాని ఇదే తప్పు ముప్పై ఇళ్ల పుస్తకాలలో పునరావృతమైతే సగటు కూడా అటే ఒరుగుతుంది. ఈ తప్పు ఎప్పుడూ ఎక్కువ చూపే దిశలోనే ఉంటుంది గనుక, ఇళ్ల సంఖ్య పెంచినంత మాత్రాన అది సర్దుకోదు. మీల్ మేకర్ వండుతున్న గ్రామానికి మాంసకృత్తుల గురించి చెప్పవలసినది ఏమీ లేదని నివేదిక తేలుస్తుంది. గిన్నె అడుగున మిగిలినది తిన్న ఇల్లాలు ఆ నివేదికలో కనిపించదు.

అన్నానికి రాని తప్పు దీనికి ఎందుకు వచ్చింది?

ఆ పేజీలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన విషయం మరొకటి ఉంది. అన్నం వరుసలో విద్యార్థిని ఏ పొరపాటూ చేయలేదు. అన్నాన్ని తూచి, దానిని బియ్యంగా మార్చి, బియ్యానికి ఉన్న విలువతోనే లెక్కకట్టింది. ఒక కిలో అన్నంలో ఒక కిలో బియ్యం ఉండదని ఆమెకు ఎవరూ చెప్పనక్కరలేదు. మన భాషలోనే బియ్యం వేరు, అన్నం వేరు. వండకముందు ఒక పేరు, వండిన తరువాత మరొక పేరు. మీల్ మేకర్‌కు ఆ భేదం లేదు. పొట్లంలో ఉన్నదీ మీల్ మేకరే, పళ్లెంలో ఉన్నదీ మీల్ మేకరే. పేరు మారకపోవడంవల్ల అంకె కూడా మారనక్కరలేదనిపిస్తుంది.

మన సర్వే సంప్రదాయం ఈ చిక్కును ఎప్పుడో పరిష్కరించింది. 1972లో ఏర్పడిన జాతీయ పోషకాహార పర్యవేక్షణ మండలి సర్వేలలో ఇరవై నాలుగు గంటల ఆహారాన్ని అడిగి తెలుసుకునేటప్పుడు, ప్రామాణిక కప్పులతో వండిన పదార్థం మొత్తం పరిమాణాన్నీ, ఒక్కొక్కరు తిన్న పరిమాణాన్నీ గుర్తించి, ఆ నిష్పత్తిలో ముడి సరుకును పంచి లెక్కకట్టేవారు. 2017లో జాతీయ పోషకాహార సంస్థ ప్రచురించిన భారతీయ ఆహార పదార్థాల పోషక విలువల పట్టికలను కూడా ముడి సరుకు బరువుతోనే వాడుకుంటాం. మీల్ మేకర్‌కు చేయవలసినదల్లా బియ్యానికి చేస్తున్నదానిని దీనికీ చేయడమే.

నమోదు చేసే విధానం

పుస్తకంలో మీల్ మేకర్ అని మాత్రమే రాయకుండా, ‘మీల్ మేకర్, పొడి’ అని రాయడంతో సగం తప్పులు తొలగిపోతాయి. తరువాత నాలుగు అంశాలు వరుసగా ఉండాలి. గిన్నెలో పోసిన పొడి బరువు, పొట్లంపై 100 గ్రాములకు ఇచ్చిన విలువ, వ్యక్తి వాటా, ఆ వాటాను ఏ విధంగా కట్టారో సూచించే మాట. మన ఉదాహరణలో ఆ వరుస ఇలా ఉంటుంది: మీల్ మేకర్, పొడి, 120 గ్రాములు, 52, 150లో 15 ముక్కలు, పొడి బరువు 12 గ్రాములు, మాంసకృత్తులు 6.2 గ్రాములు.

పొట్లంపై విలువ చదివేటప్పుడు అది 100 గ్రాములకా, ఒక వడ్డనకా అని చూడాలి. రెండు వరుసలూ పక్కపక్కన ముద్రించి ఉన్న పొట్లాలలో తొందరలో ఒకదానికి బదులు మరొకటి తీసుకునే ప్రమాదం ఉంది. విడిగా తూచి అమ్మే సరుకుకు పొట్లం ఉండదు కనుక 52 వాడి, అది ఊహించిన విలువ అని పక్కన గుర్తుపెట్టాలి.

చరవాణిలో నమోదు చేసేవారికి ఇదే తప్పు రెండు వైపులా ఎదురవుతుంది. వెతికినప్పుడు వచ్చే జాబితాలో పొడి సరుకు, ఉడికిన సరుకు రెండూ ఒకే పేరుతో కనిపిస్తాయి. పొడి విలువను ఎంచుకొని ఉడికిన బరువు ఇస్తే మూడు రెట్లు ఎక్కువ వస్తుంది. ఉడికిన విలువను ఎంచుకొని పొడి బరువు ఇస్తే మూడో వంతే వస్తుంది. ఎంచుకున్న వరుసలో 100 గ్రాములకు 50కి పైగా ఉంటే అది పొడి సరుకు, 15 నుంచి 23 మధ్య ఉంటే ఉడికినది అని గుర్తించవచ్చు.

ఇతరుల పుస్తకం దిద్దేవారికి ఇంకొక సులభమైన పరీక్ష ఉంది. మామూలుగా పిండిన ముక్కలో మూడింట రెండు వంతులు నీరే. 100 గ్రాములలో ఘనపదార్థం 34 గ్రాముల వరకే ఉంటుంది. ఆ ఘనపదార్థమంతా మాంసకృత్తులే అయినా 34 దాటదు. కాబట్టి ఉడికిన 100 గ్రాముల ముక్కలకు 52 గ్రాములని ఎవరైనా రాస్తే, మరే వివరమూ అడగకుండానే అది అసాధ్యమని చెప్పవచ్చు.

మా విద్యార్థిని తన పేజీలో 18.7ను కొట్టివేసి 6.2 రాసింది. ముగింపు వాక్యాన్ని కూడా మార్చింది. ఆ ఇంటికి మూడవసారి వెళ్లినప్పుడు మీల్ మేకర్ ఎక్కువ వండమని ఆమె చెప్పలేదు. ఇంట్లో పోస్తున్న రెండు గ్లాసులు నలుగురికీ సమంగా పంచితే ఒక్కొక్కరికి 15.6 గ్రాములు వస్తాయని, ఇల్లాలికి ఆ రోజు 41.6 గ్రాములు అంది ఉండేవని లెక్క చూపించింది. ఆ ఇంటికి అవసరమైన సలహా అదే. పొడి బరువుతో లెక్కకట్టి, ముక్కలను ఎంచి చూడకపోతే ఆ సలహా మాకు తోచేది కాదు.